22 మంది, 4 స్టేషన్లు, 3 సాయంత్రాలు: స్విస్ పెట్టాలా, నాకౌట్ పెట్టాలా?

హనుమకొండలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ గేమింగ్ క్లబ్బుకు నేను టోర్నమెంట్ రిఫరీగా ఉంటాను. చదివిందీ అక్కడే. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు వెళ్లి డ్రాలు వేయడం, తగాదాలు తీర్చడం చూసుకుంటాను. పోయిన సెమిస్టర్‌లో క్లబ్బు పిల్లలు ప్లేస్టేషన్ మీద ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెడదామన్నారు. ఒకరితో ఒకరు ఆడేది, టీమ్‌ల గొడవ లేదు. 22 మంది పేర్లిచ్చారు. ఆ టోర్నమెంట్‌కు ఫార్మాట్ ఎలా తేల్చామో, తేల్చిన తర్వాత ఏం జరిగిందో రాస్తున్నాను.

ముందు చేతిలో ఏముందో చూద్దాం. బుధ, గురు, శుక్రవారాలు ల్యాబ్ ఇస్తామన్నారు. సాయంత్రం 5:15కు తెరుస్తారు, 8కి వాచ్‌మన్ తాళం వేస్తాడు. గర్ల్స్ హాస్టల్‌లో కూడా 8 లోపు హాజరు పడాలి. వైర్లు కలపడానికి పావుగంట, విప్పి సర్దడానికి పావుగంట తీసేస్తే ఆటకు మిగిలేది 5:30 నుంచి 7:45 వరకు, అంటే 135 నిమిషాలు. కన్సోళ్లు నాలుగు: రెండు క్లబ్బువి, రెండు పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చినవి. ఒక టీవీ, ఒక కన్సోల్, రెండు కంట్రోలర్లు కలిపితే ఒక స్టేషన్.

ఒక మ్యాచ్‌కు ఎంతసేపు పడుతుందన్న దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. ఐదు నిమిషాల హాఫ్ పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది కదా అనుకుంటారు. గోల్ పడ్డాక రీప్లే, మధ్యలో ప్లేయర్‌ను మార్చడం, బంతి బయటికి పోయినప్పుడు ఆగడం, ఇవన్నీ కలిపి ఫోన్‌లో టైమర్ పెట్టి చూస్తే 14 నిమిషాల దాకా వచ్చింది. దానికి ముందు టీమ్ ఎంచుకోవడం, బటన్లు తన అలవాటుకు మార్చుకోవడం ఉంటాయి. తర్వాత స్కోరు రాసి సంతకం పెట్టి లేవాలి. అన్నీ కలిపి మ్యాచ్‌కు 20 నిమిషాల స్లాట్ పెట్టుకున్నాం. 135 నిమిషాల్లో ఇలాంటివి ఆరు పడతాయి, 15 నిమిషాలు చేతిలో మిగులుతాయి. స్లాట్‌కు నాలుగు మ్యాచ్‌లు కాబట్టి సాయంత్రానికి 24 మ్యాచ్‌లకు చోటుంది.

సెక్రటరీ అబ్బాయి ఈ 24 చూడగానే, "అన్నా, నాకౌట్ అంటే 21 మ్యాచ్‌లే. ఒక్క సాయంత్రంలో కొట్టేద్దాం. మిగిలిన రెండు రోజులు ఇంకో గేమ్ పెట్టుకుందాం" అన్నాడు. మాట సబబుగానే ఉంది. నాకౌట్‌లో ఒక్కో మ్యాచ్‌కు ఒకరు ఇంటికి పోతారు, చివరికి ఒకరు మిగలాలి, కాబట్టి 22 మందికి 21 మ్యాచ్‌లు. 24 చోట్లలో 21 పట్టాలి కదా?

పట్టవు. నాలుగు స్టేషన్లూ చివరిదాకా నిండుగా నడవవు మరి. వెనక నుంచి లెక్కేసి చూడండి. ఫైనల్ ఆరో స్లాట్‌లో ఆడాలంటే సెమీస్ ఐదో స్లాట్‌లోపు, క్వార్టర్స్ నాలుగో స్లాట్‌లోపు అయిపోవాలి. అంటే అంతకు ముందున్న రెండు రౌండ్లూ మొదటి మూడు స్లాట్లలోనే ముగియాలి. 22 మందిని 32 గళ్ల బ్రాకెట్‌లో పెడితే పది మందికి బై వస్తుంది, అంటే ఆడకుండానే పై రౌండ్‌కు వెళ్తారు. మిగతా 12 మంది మొదటి రౌండ్‌లో 6 మ్యాచ్‌లు ఆడతారు, తర్వాతి రౌండ్‌లో 16 మందికి 8 మ్యాచ్‌లు. కలిపితే 14. మూడు స్లాట్లలో ఆడగలిగేది 12. రెండు మ్యాచ్‌లు మిగిలిపోతాయి, వాటికోసం ఫైనల్ ఏడో స్లాట్‌కు జరుగుతుంది. బై వచ్చినవాళ్లను ముందు ఆడించి, ఖాళీ అయిన స్టేషన్‌లో పై రౌండ్ మొదలుపెట్టి, ఎంత తెలివిగా సర్దినా ఏడుకు తగ్గదు. చివరి స్లాట్లలో మాత్రం రెండు మూడు స్టేషన్లు ఊరికే పడి ఉంటాయి.

పైగా నాకౌట్‌లో డ్రా కుదరదు. ఎవరో ఒకరు గెలవాల్సిందే, అంటే పెనాల్టీలు. స్లాట్ 25 నిమిషాలు పెట్టుకోవాలి. అప్పుడు సాయంత్రానికి ఐదు స్లాట్లే. ఎలా చూసినా నాకౌట్ రెండు సాయంత్రాలు తీసుకుంటుంది. ఒక్క రోజులో అయిపోతుందన్నదే దాని బలం అనుకున్నాం, ఆ బలం ఇక్కడ లేదని తేలింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకోటి. ఆ నాకౌట్‌లో ఎంతమంది ఒక్క మ్యాచ్‌తో సరిపెట్టుకుంటారు? మొదటి రౌండ్‌లో ఓడిన ఆరుగురు ఎలాగూ వెళ్తారు. బై తీసుకున్నవాళ్లలో నలుగురు పై రౌండ్‌లో తమలో తాము తలపడతారు, అక్కడ ఓడిన ఇద్దరికీ అదే మొదటి ఆట, అదే చివరి ఆట. తక్కువలో తక్కువ ఎనిమిది మంది. మిగతా బైవాళ్లూ ఓడితే ఆ లెక్క 14 దాకా పోతుంది. వంద రూపాయల ఎంట్రీ కట్టి, పరకాల నుంచో నర్సంపేట నుంచో వచ్చే డే స్కాలర్ బస్సు వదులుకుని కూర్చుంటే, ఆడింది పావుగంట. అంతకు ముందు సీనియర్లు నడిపిన ఒక నాకౌట్‌లో రెండో రోజు ల్యాబ్‌లో ఆడేవాళ్లు, వలంటీర్లు తప్ప చూసేవాళ్లే లేరు. ఓడినవాడు మళ్లీ రాడు. వాడి కోసం వచ్చే దోస్తులూ రారు.

ఇక స్విస్. చదరంగంలో ఇది పాతది, 1895లో జ్యూరిక్‌లో మొదలైంది, ఆ పేరు అలా వచ్చిందే. ఓడినా ఎవరూ బయటికి పోరు. ప్రతి రౌండ్‌లో అందరూ ఆడతారు, దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లను ఒకరికొకరిని కలుపుతారు, ఒకసారి ఆడిన జోడీ మళ్లీ ఆడదు. 2023 నుంచి లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ పోటీల్లో కూడా 16 జట్లతో స్విస్ దశ పెడుతున్నారు కాబట్టి పిల్లలకు ఆ మాట కొత్త కాదు. అక్కడ మూడు గెలిస్తే ముందుకు, మూడు ఓడితే ఇంటికి. మేమూ అలాగే చేద్దామని ఒకరన్నారు. దానికి ఐదు రౌండ్లు కావాలి. 16 మందికైతే చక్కగా సరిపోయే ఆ లెక్క 22 మందికి బేసి గుంపులు తెచ్చిపెడుతుంది. పక్కన పెట్టాం.

స్విస్‌కు సమయం లెక్క వేరేగా వేయాలి. నాకౌట్‌లో ఒక పక్క మ్యాచ్ సాగుతుంటే ఇంకో పక్క పై రౌండ్ మొదలుపెట్టుకోవచ్చు. స్విస్‌లో అది నడవదు. రౌండ్‌లో చివరి మ్యాచ్ అయిపోయి, అందరి పాయింట్లూ తెలిస్తే తప్ప తర్వాతి జోడీలు వేయలేం. కాబట్టి లెక్కించాల్సింది మొత్తం మ్యాచ్‌లు కాదు, ఒక్కో రౌండ్‌కు పట్టే స్లాట్లు. 22 మందికి రౌండ్‌కు 11 మ్యాచ్‌లు, నాలుగు స్టేషన్ల మీద మూడు స్లాట్లు. సాయంత్రానికి ఆరు స్లాట్లు కాబట్టి రెండు రౌండ్లు.

ఈ లెక్కలో ఒక మెట్టుంది, రిజిస్ట్రేషన్ తెరిచే ముందే చూసుకోవాలి. 16 మంది ఉంటే రౌండ్‌కు 8 మ్యాచ్‌లు, రెండు స్లాట్లలో అయిపోతుంది, ఒక్క సాయంత్రంలోనే మూడు రౌండ్లు లాగొచ్చు. 18 నుంచి 24 వరకు ఎంతమంది ఉన్నా మూడు స్లాట్లే. 25వ వాడికి బై పోతుంది కాబట్టి అప్పుడూ మూడే. 26వ పేరు రాసుకున్నారా, 13 మ్యాచ్‌లవుతాయి, పదమూడో దానికోసం ఇంకో స్లాట్ తెరవాలి. రౌండ్‌కు 20 నిమిషాలు పెరిగి, సాయంత్రానికి రెండు రౌండ్లన్న ప్లానే కూలిపోతుంది. "ఒక్కడే కదన్నా, రాసుకుందాం" అని అడిగేవాళ్లుంటారు, అందుకే 24కే ఆపేస్తామని పోస్టర్ మీదే వేయించాను. 22 దగ్గర ఆగింది.

ఎన్ని రౌండ్లు? ప్రతి రౌండ్‌కూ ఓటమి లేనివాళ్లు దాదాపు సగం అవుతారు: 22, 11, తర్వాత ఐదారు, తర్వాత ముగ్గురు, నాలుగో రౌండ్ తర్వాత ఒకరో ఇద్దరో. ఐదో రౌండ్ ఉంటే స్విస్‌తోనే విజేతను తేల్చేయొచ్చు. కానీ ఐదు రౌండ్లంటే 15 స్లాట్లు, శుక్రవారం సగం దానికే పోతుంది. అదీగాక జనం చూడ్డానికి వచ్చేది ఫైనల్. స్విస్ చివరి రౌండ్‌లో ఫైనల్ అంటూ ఉండదు. మూడో టేబుల్ మీద నడుస్తున్న మ్యాచ్‌తో కప్పు తేలొచ్చు, చూసేవాళ్లకు అది అర్థం కూడా కాదు. కాబట్టి బుధ, గురువారాల్లో నాలుగు రౌండ్ల స్విస్, శుక్రవారం మొదటి ఎనిమిది మందితో నాకౌట్ అని తేల్చాం. ప్రతి ఒక్కరికీ నాలుగు ఆటలు ఖాయం, చివరి రోజు ఫైనల్ ఖాయం.

స్విస్ వల్ల ఇంకో వెసులుబాటు దొరికింది. ఒక రౌండ్‌లో ఎవరు ఏ స్లాట్‌లో ఆడాలన్నది మన చేతిలో ఉంటుంది. బస్సున్నవాళ్లను రెండో రౌండ్ మొదటి స్లాట్‌లో పెడితే ఏడులోపు హనుమకొండ బస్టాండ్‌లో ఉంటారు. నాకౌట్‌లో అలా కుదరదు, గెలుస్తున్నవాడు చివరిదాకా కూర్చోవాల్సిందే. డే స్కాలర్లు ఎక్కువగా ఉండే కాలేజీల్లో ఇది చిన్న విషయం కాదు.

గెలుపుకు 3, డ్రాకు 1 పాయింట్ పెట్టాం. చదరంగంలో లాగా 1, అర పెడితే రెండు డ్రాలు ఒక గెలుపుతో సమానం, ఇద్దరు మాట్లాడుకుని డ్రా చేసుకోవాలన్న ఆశ పుడుతుంది. 3-1 అయితే డ్రా వల్ల ఇద్దరికీ ఎంతో కొంత నష్టమే. పాయింట్లు సమానమైతే ఎవరు పైన అని తేల్చే టైబ్రేక్‌లోకి మాత్రం గోల్ తేడాను రానివ్వలేదు. వస్తే కొత్తగా నేర్చుకుంటున్న పిల్లాడి మీద ఎనిమిది, తొమ్మిది గోల్స్ కొట్టడమే పనిగా పెట్టుకుంటారు, వాడు మర్నాడు రాడు.

బుధవారం 5:25కు హాజరు తీసుకున్నాం, 21 మందే వచ్చారు. జోడీలు హాజరు తర్వాతే వేయాలి. ముందే రాసి గోడకు అతికిస్తే రానివాడి ఎదుటివాడు కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తాడు. బేసి సంఖ్య కాబట్టి ఒకరికి బై ఇవ్వాలి. చీటీ తీస్తే సివిల్ అబ్బాయి పేరొచ్చింది. వాడికి ఆడకుండానే మూడు పాయింట్లు.

జోడీలు వేయడానికి సాఫ్ట్‌వేర్లున్నాయి, మేం మాత్రం అట్టముక్కలు వాడాం. ఒక్కొక్కరికి ఒక కార్డు: పేరు, పాయింట్లు, ఎవరెవరితో ఆడాడో. మొదటి రౌండ్‌లో డ్రాలు లేవు, కాబట్టి గెలిచిన పది మంది, బై తీసుకున్న ఒకరు, మొత్తం 11 మంది 3 పాయింట్ల మీద. సున్నా మీద పది మంది. బల్ల మీద రెండు కుప్పలు. పైకుప్పలో 11, బేసి. అందులోంచి చీటీతో ఒకరిని కిందికుప్పలోకి దింపాలి. కిందికుప్ప 11 అయింది, మళ్లీ బేసి. ఈసారి బై అక్కడ సున్నా మీదున్న ఒకరికి పోతుంది. రెండు వైపులా పది పది మిగిలారు, ఐదేసి జోడీలు. కార్డులు కలిపి, రెండు రెండు తీసి, వెనక చూసి ఇదివరకు ఆడినవాళ్లు కాదని నిర్ధారించుకుని బల్ల మీద పరచడం, అంతే. ఐదు నిమిషాలు పట్టింది. చుట్టూ నిలబడి చూసినవాళ్లకు తమ జోడీ ఎలా వచ్చిందో కళ్లముందే కనబడింది, "నాకే గట్టోన్ని ఎందుకిచ్చిన్రు" అన్న మాట రాలేదు. 60 మంది ఉంటే కార్డులతో కుదరదు, ల్యాప్‌టాప్ కావాల్సిందే.

ఆ రోజు రెండో రౌండ్‌లో మూడో స్టేషన్ దగ్గర ఒక కంట్రోలర్ ఛార్జింగ్ అయిపోయి మధ్యలో ఆగిపోయింది. కేబుల్ వెతికి పెట్టేసరికి ఏడు నిమిషాలు పోయాయి. స్విస్‌లో ఇదే భయం: ఒక స్టేషన్ ఆగితే ఆ రౌండ్ మొత్తం ఆగుతుంది. అది చివరి స్లాట్ కాబట్టి తర్వాతి జోడీల కోసం ఎవరూ కాచుకుని లేరు, 7:42కు ముగించాం. అదే మొదటి రౌండ్‌లో జరిగి ఉంటే 20 మంది ఏడు నిమిషాలు గోళ్లు గిల్లుకుంటూ నిలబడేవాళ్లు. గురువారం నుంచి రెండు కంట్రోలర్లు వైరు పెట్టి పక్కన సిద్ధంగా ఉంచాం. ఆలస్యం అవుతోందా లేదా అని కనిపెట్టడానికి సులువైన గుర్తు, మొదటి రౌండ్ మూడో స్లాట్ 6:10కి మొదలైందా లేదా అని చూడటమే. 6:18 దాటినా మొదలవకపోతే ఆ సాయంత్రం రెండో రౌండ్ 7:45లోపు అవడం కష్టం. అప్పుడు హాఫ్‌ను నాలుగు నిమిషాలకు తగ్గించాలి, అదీ రౌండ్ మధ్యలో కాకుండా తర్వాతి రౌండ్ అందరికీ ఒకేలా.

గురువారం ఒకరు తగ్గారు. బుధవారం రెండూ ఓడిన అబ్బాయి రాలేదు. నాకౌట్‌లో అయితే రాని మనిషి వల్ల ఎదుటివాడికి ఉచితంగా ఒక రౌండ్ దొరికేది. స్విస్‌లో వాడి కార్డు పక్కన పెట్టేశాం, 20 మంది మిగిలారు, సరి సంఖ్య, బై అవసరమే పోయింది. నాలుగో రౌండ్‌లో పాయింట్లు తక్కువున్న టేబుళ్లను, బస్సువాళ్లను ముందు ఆడించి, మొదటి ఎనిమిదిలోకి వస్తారా రారా అన్న జోడీలను చివరి స్లాట్‌కు పెట్టాం. ముందే ఆడిస్తే పక్కవాడి ఫలితం చూసుకుని తర్వాతివాళ్లు తమకు కావాల్సిన స్కోరుకు ఆడతారు.

ఆ చివరి స్లాట్‌లోనే చిక్కొచ్చింది. మెకానికల్ అబ్బాయి, సివిల్ అబ్బాయి, ఇద్దరూ 6 పాయింట్ల మీద తలపడ్డారు. గెలిచినవాడు 9తో నేరుగా శుక్రవారానికి. మ్యాచ్ 2-2 డ్రా. ఇద్దరూ 7 మీద ఆగారు.

పట్టిక ఇలా తేలింది: ఒకరికి 12, ఒకరికి 10, నలుగురికి 9. ఆరుగురు ఖాయం. తర్వాత 7 పాయింట్ల మీద ముగ్గురు: సీఎస్‌ఈ అబ్బాయి, మెకానికల్, సివిల్. సీట్లు రెండు.

ముఖాముఖి చూద్దామంటే మెకానికల్, సివిల్ డ్రా చేసుకున్నారు, సీఎస్‌ఈ ఆ ఇద్దరితోనూ ఆడనేలేదు. స్విస్‌లో ఇలాంటప్పుడు వాడేది బుహోల్జ్ పద్ధతి, 1932లో బ్రూనో బుహోల్జ్ తెచ్చింది. నువ్వు ఎవరెవరితో ఆడావో వాళ్లందరి పాయింట్లు కూడితే నీ బుహోల్జ్. గట్టివాళ్లతో ఆడి 7 తెచ్చుకున్నవాడు, మెత్తటివాళ్లతో ఆడి 7 తెచ్చుకున్నవాడి కంటే పైన ఉంటాడు.

సీఎస్‌ఈ ఆడినవాళ్ల పాయింట్లు 12, 9, 6, 4. మొత్తం 31. మెకానికల్‌వి 10, 7, 6, 3. మొత్తం 26. సివిల్‌కు మొదటి రౌండ్ బై, అక్కడ ఎదుటివాడే లేడు, సున్నా. మిగతా మూడు 9, 9, 7. మొత్తం 25. ఈ లెక్కన సీఎస్‌ఈ, మెకానికల్ వెళ్లాలి.

కానీ మేం గోడకు అంటించిన నిబంధన అది కాదు. ప్రతి ఒక్కరి లెక్కలోంచి అతి తక్కువ పాయింట్ల ప్రత్యర్థిని తీసేసి మిగతా ముగ్గురినే కూడాలని రాశాం. దీన్ని కట్-1 బుహోల్జ్ అంటారు. ఎందుకు పెట్టామంటే, బై వచ్చినవాడు తన తప్పు లేకుండా ఒక సున్నా మోస్తాడు. మధ్యలో మానేసిన మనిషితో ఆడినవాడికీ అదే గతి. ఆ ఒక్కటి తీసేస్తే ఇద్దరి భారమూ దిగుతుంది. కట్ తర్వాత సీఎస్‌ఈకి 27, సివిల్‌కు 25, మెకానికల్‌కు 23. సీఎస్‌ఈ ఏడో స్థానం, సివిల్ ఎనిమిది. మెకానికల్ బయట.

మెకానికల్ అబ్బాయి ఊరుకోలేదు, ఊరుకోవాల్సిన పనీ లేదు.

"అన్నా, నేను నాలుగు ఆడితిని. వాడు మూడే ఆడె. ఇద్దరికీ ఏడే వచ్చినయ్. ఆడకుండ వచ్చిన మూడు పాయింట్లతోని వాడెట్ల పోతడు?"

"నువ్వన్నది ఒప్పే. కానీ ఆ మూడు పాయింట్లు వాడు అడిగి తీసుకోలే. చీటీల వచ్చినయ్. ఆడిన మూడింట్ల ఇద్దరు తొమ్మిది పాయింట్లోళ్లే, అందుల ఒకన్ని కొట్టిండు."

"మరి రేపు మా ఇద్దరికి ఇంకొక్క మ్యాచ్ పెట్టుండ్రి."

పెట్టడానికి సమయం ఉంది కూడా. శుక్రవారం క్వార్టర్స్‌కు 25 నిమిషాలు, సెమీస్‌కు 25, మూడింటిలో రెండు గెలవాల్సిన ఫైనల్‌కు ఎక్కువలో ఎక్కువ 65, మొత్తం 115. ఇంకో 20 మిగులుతుంది. అయినా నేను ఒప్పుకోలేదు. క్లబ్బు అమ్మాయి ఒకామె, ట్రెజరర్, నాతో గట్టిగానే వాదించింది. ఆ 20 నిమిషాలు కరెంటు పోతేనో కంట్రోలర్ ఆగితేనో అక్కరకొస్తాయన్నది ఒక కారణం. అసలు కారణం వేరు. బుధవారం నుంచి గోడ మీదున్న నిబంధన ప్రకారం సివిల్ అబ్బాయి సీటు సంపాదించుకున్నాడు, తేలిన తర్వాత దాన్ని మళ్లీ పందెంలో పెట్టమంటే వాడికి అన్యాయం. టైబ్రేక్ ఏదైనా ఎవరో ఒకరికి నొప్పి పెడుతుంది. ఆ నొప్పి ఎవరికన్నది పేర్లు తెలియకముందే రాసి ఉండాలి.

అయితే మెకానికల్ అబ్బాయి ప్రశ్నలో పస ఉంది. కట్-1 సివిల్ అబ్బాయి మీదున్న సున్నాను తీసేసింది కానీ, బై ఇచ్చిన మూడు పాయింట్లు అలాగే ఉన్నాయి. బై అనేదే లేకుండా చేయడమొక్కటే దీనికి అసలు మందు. ఆడటం వచ్చిన వలంటీర్‌ను ఒకరిని పక్కన పెట్టుకుని, బేసి సంఖ్య వచ్చినప్పుడల్లా ఆ రౌండ్‌కు కూర్చోబెట్టాలి. వాడు సీటుకు పోటీలో ఉండడు. కానీ ఎదుటివాడు నిజంగా ఆడి గెలవాలి, ఓడితే ఓడినట్టే. మా నలుగురు వలంటీర్లూ నాలుగు స్టేషన్ల దగ్గర స్కోర్లు రాయడానికే సరిపోయారు. ఈ సెమిస్టర్ ఐదో మనిషిని ఈ పనికే తీసుకుంటున్నాం.

శుక్రవారం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. స్విస్ స్థానాలనే సీడింగ్‌గా తీసుకున్నాం, ఒకటికి ఎనిమిది, రెండుకు ఏడు, ఇలా. డ్రా అయితే ఎక్స్‌ట్రా టైమ్ లేకుండా నేరుగా పెనాల్టీలు. నాలుగుకు నాలుగు గెలిచి 12తో వచ్చిన అబ్బాయి క్వార్టర్స్‌లో సివిల్‌ను 3-1తో కొట్టి, సెమీస్‌లో నాలుగో సీడ్ చేతిలో పెనాల్టీలలో ఓడిపోయాడు. ఆ నాలుగో సీడే ఫైనల్లో రెండో సీడ్‌ను వరుసగా రెండు మ్యాచ్‌లు కొట్టి కప్పు తీసుకున్నాడు. ఏడింటికల్లా అయిపోయింది, ల్యాబ్ నిండా జనం, ఓడినవాళ్లలో చాలామంది చూడటానికి వచ్చారు. మూడు రోజుల్లో ఒక్క పెనాల్టీ షూటౌట్ తప్ప ఏదీ ఓడని మనిషి ఖాళీ చేతులతో పోవడం నాకు నచ్చలేదు. స్విస్ ఆధిక్యానికి వేరే బహుమతి ముందే పెట్టి ఉంచాం కాబట్టి సరిపోయింది. స్విస్ తర్వాత నాకౌట్ పెట్టేవాళ్లు ఎంట్రీ డబ్బుల్లోంచి కొంత దీనికి తీసి పెట్టుకోవడం మంచిది. లేకపోతే రెండు రోజుల శ్రమంతా చివరి రోజు ఒక్క షూటౌట్‌లో కొట్టుకుపోతుంది, పైగా సీట్ ఖాయమైన వాళ్లు నాలుగో రౌండ్‌ను తేలిగ్గా తీసుకుంటారు.

ఇదే లెక్కను కాజీపేటలో ఇంకో కాలేజీ పిల్లలు అడిగితే వేసిచ్చాను. వాళ్లకు 22 మందే, కానీ కన్సోళ్లు రెండే, సాయంత్రాలు మూడే. రెండు స్టేషన్ల మీద 11 మ్యాచ్‌లంటే ఆరు స్లాట్లు, స్విస్ ఒక్క రౌండ్‌కే ఒక సాయంత్రం పూర్తిగా పోతుంది. మూడు రోజుల్లో మూడు రౌండ్లు ఆడి ఫైనల్ లేకుండా లేవాలి. వాళ్లను నాకౌట్ పెట్టుకోమన్నాను. మొదటి రెండు రౌండ్ల 14 మ్యాచ్‌లకు ఏడు స్లాట్లు, క్వార్టర్స్‌కు రెండు, సెమీస్‌కు ఒకటి, ఫైనల్‌కు ఒకటి, మొత్తం 11. పెనాల్టీలు కలిపి 25 నిమిషాల స్లాట్లతో సాయంత్రానికి ఐదు పడతాయి, మూడు సాయంత్రాలకు 15. మిగిలిన నాలుగు స్లాట్లలో మొదటి రౌండ్‌లో ఓడిన ఆరుగురికి ఇంకో మ్యాచ్ చొప్పున పెట్టుకోవచ్చు, దానికి రెండు స్లాట్లు చాలు. రెండో రోజు మొదట్లో పెట్టమన్నాను. అప్పుడు వాళ్లు రెండో రోజు కూడా వస్తారు.